రెండో అధ్యాయం తిరగరాత

విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ థీసిస్‌లను ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఎవరైనా చదవొచ్చు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో వాటిని అధ్యాయాల వారీగా పెడుతున్నారు. సామాజిక శాస్త్రాల థీసిస్‌లు ఓ నాలుగు తీసి, సాహిత్య సమీక్ష అన్న అధ్యాయం తెరిచి చూడండి. ఆ విషయం మీద ఇంతకుముందు జరిగిన పరిశోధనల్ని చర్చించే అధ్యాయం అది. చాలావాటిలో నడక ఒకేలా ఉంటుంది. ఫలానా వారు ఫలానా సంవత్సరంలో ఫలానా చోట అధ్యయనం చేసి ఫలానాది కనుగొన్నారు. తర్వాతి పేరాలో ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. విదేశీ అధ్యయనాలు, భారతీయ అధ్యయనాలు, రాష్ట్ర స్థాయి అధ్యయనాలు అని మూడు శీర్షికలు. నలభై పేజీలయ్యాక చివరి పేరాలో హఠాత్తుగా ఒక వాక్యం: ఫలానా జిల్లాలో ఈ అంశం మీద అధ్యయనాలు జరగలేదు కాబట్టి ప్రస్తుత పరిశోధన చేపట్టడమైనది.

పైన చెప్పిన నలభై పేజీలకూ ఆ చివరి వాక్యానికీ సంబంధమే ఉండదు. పేజీలన్నీ తీసేసినా ఆ వాక్యం అలాగే నిలబడుతుంది. పరీక్షకులకు ఇబ్బంది కలిగించేది అదే. ఇప్పటిదాకా తెలిసినదాన్ని వరసగా పరిచి, తెలియనిది ఎక్కడుందో వేలుపెట్టి చూపించి, దాన్ని తెలుసుకోవడం ఎందుకు అవసరమో ఒప్పించడం ఆ అధ్యాయం పని. రీసెర్చ్ గ్యాప్ అనేది ఆ వాదన చివర రావలసిన నిర్ణయం.

ఇది ఎలా చేయాలో ఒక ఉదాహరణ మీద చూద్దాం. డ్వాక్రా రుణాల మీద పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. అమ్మాయి ఊహే గానీ, ఆమె చదివిన పరిశోధనలన్నీ నిజమైనవే. ఆమె ప్రశ్న మనకందరికీ తెలిసినదే: పొదుపు సంఘం ద్వారా మహిళ పేరు మీద అప్పు వస్తే, ఇంట్లో ఆమె మాటకు విలువ పెరుగుతుందా?

ఆమె మొదటి ప్రతిలో ఒక పేజీ ఇలా ఉందనుకుందాం.

"గెట్జ్, సేన్‌గుప్తా (1996) బంగ్లాదేశ్‌లో అధ్యయనం చేసి, రుణం మీద ఎక్కువమంది మహిళలకు తగిన అదుపు లేదని కనుగొన్నారు. హషేమీ, షూలర్, రైలీ (1996) బంగ్లాదేశ్‌లో అధ్యయనం చేసి, రుణ కార్యక్రమాల వల్ల మహిళా సాధికారత పెరిగిందని తెలిపారు. కబీర్ (2001) రుణగ్రహీతల అనుభవాలను పరిశీలించారు. గరికిపాటి (2008) ఆంధ్రప్రదేశ్‌లో అధ్యయనం చేసి, రుణం కుటుంబానికి మేలు చేసినా మహిళకు సాధికారత ఇవ్వకపోవచ్చని తెలిపారు. బెనర్జీ తదితరులు (2015) హైదరాబాద్‌లో అధ్యయనం చేసి, మహిళా సాధికారతలో చెప్పుకోదగ్గ మార్పు లేదని తెలిపారు."

ఇందులో తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కానీ గైడ్ దీన్ని చదివి ఒకే ప్రశ్న వేస్తారు. "ఏమ్మా, ఒకే దేశంలో ఒకే ఏడాది ఒకరు లేదన్నారు, ఒకరు ఉందన్నారు. నువ్వు పక్కపక్కన రాసి ఊరుకున్నావేం?"

"ఇద్దరూ చెప్పింది రాశాను కదా మేడమ్."

"వాళ్లు చెప్పింది నేనూ చదివాను. వాళ్లిద్దరూ ఎందుకు విడిపోయారో నువ్వు చెప్పాలి."

తిరగరాయడం ఇక్కడ మొదలవుతుంది. ముందుగా చేయాల్సిన పని చిన్నది. ప్రింటు తీసుకుని ప్రతి పేరా పక్కన, ఆ పేరా వాదనకు ఏం చేస్తోందో పెన్సిల్‌తో ఒక్క వాక్యంలో రాయాలి. పేరాలో ఏముందో రాయకూడదు, అది ఎందుకుందో రాయాలి. జాబితాలా రాసిన అధ్యాయంలో మార్జిన్ నిండా "ఇంకో అధ్యయనం", "ఇంకో అధ్యయనం" అనే వస్తుంది. పేరాల వరస మార్చినా చదివేవారికి తేడా తెలియకపోతే అక్కడ వాదన లేనట్టే. ఈ పరీక్ష ఎవరికి వారే చేసుకోవచ్చు, గైడ్ అక్కర్లేదు.

తర్వాత ఒక పట్టిక గీయాలి. ఎక్సెల్‌లో గానీ ఏ3 కాగితం మీద గానీ అడ్డ వరసల్లో అధ్యయనాలు, నిలువు గడుల్లో ప్రశ్నలు. చాలామంది ఈ పట్టిక వేస్తారు. అయితే గడుల్లో రచయిత, సంవత్సరం, ప్రదేశం, శాంపిల్, ఫలితం అని పెట్టుకుంటారు. అది జాబితాకే ఇంకో రూపం. మన విషయానికి పనికొచ్చే గడులు వేరు. సాధికారత అంటే ఈ పరిశోధకులు దేన్ని లెక్కపెట్టారు? ఎవరిని అడిగారు? ఎవరితో పోల్చారు? అప్పు తీసుకున్న ఎన్నాళ్లకు కొలిచారు? ఇలాంటి గడులు నింపాలంటే సారాంశం చదివితే సరిపోదు, ప్రతి పేపర్‌లో పద్ధతి చెప్పిన భాగానికి వెళ్లాలి. ఎక్కువ శ్రమ ఇక్కడే పడుతుంది. పట్టికను అడ్డంగా నింపాలి, నిలువుగా చదవాలి.

మొదటి గడిని నిలువుగా చదివి చూడండి. ఆన్ మేరీ గెట్జ్, రీనా సేన్‌గుప్తా 253 మంది మహిళల రుణాలను పరిశీలించారు. అప్పు సొమ్ము ఎవరి చేతిలో ఉంది, వ్యాపారం ఎవరు నడిపారు, సరుకు ఎవరు అమ్మారు అని ఆరా తీసి, మహిళ అదుపును పూర్తి, గణనీయం, పాక్షికం, అతిస్వల్పం, ఏమీ లేదు అని ఐదు మెట్లుగా విడగొట్టారు. దాదాపు 63 శాతం మంది కింది మూడు మెట్లలో ఉన్నారు. సయ్యద్ హషేమీ, సిడ్నీ షూలర్, ఆన్ రైలీ అడిగింది వేరు. మహిళ ఒంటరిగా బజారుకు, ఆసుపత్రికి వెళ్లగలదా, చిన్న కొనుగోళ్లు తనంతట తాను చేయగలదా, పెద్ద నిర్ణయాల్లో ఆమె పాత్ర ఎంత, ఊరి నిరసనల్లో పాల్గొందా, ఇలా ఎనిమిది సూచికలు పెట్టుకున్నారు. ఒకరు అప్పు వెంట నడిచారు, మరొకరు మనిషి వెంట నడిచారు. ఈ రెండు పేపర్లూ 'వరల్డ్ డెవలప్‌మెంట్' అన్న ఒకే పత్రికలో, ఒకే ఏడాది వచ్చాయి.

నైలా కబీర్ 2001లో అదే పత్రికలో చేసిన పని ఈ వైరుధ్యాన్ని విప్పడమే. సాహిత్య సమీక్ష రాసే ప్రతి విద్యార్థీ ఆ వ్యాసాన్ని విషయం కోసం కాకపోయినా నిర్మాణం కోసం చదవాలని నా అభిప్రాయం. ఆమె ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని తేల్చలేదు. రుణం వాడకం మీద దృష్టి పెట్టినవారికి ప్రతికూల ఫలితాలు, పర్యవసానాల మీద పెట్టినవారికి అనుకూల ఫలితాలు ఎందుకు వచ్చాయో చూపించారు. కుటుంబంలో అధికారం ఎలా పనిచేస్తుందన్న విషయంలోనే వారి అవగాహనలు వేరని చెప్పారు. ఆ పైన రుణం తీసుకున్నవారు తమ మార్పుల్ని తామెలా చెప్పుకుంటున్నారో తన క్షేత్రపరిశోధనతో చేర్చారు. ముందున్న వాదనల మధ్య ఖాళీ తేలింది, ఆ ఖాళీలో ఆమె పరిశోధన నిలబడింది. మన విద్యార్థిని మొదటి ప్రతిలో ఇదంతా "రుణగ్రహీతల అనుభవాలను పరిశీలించారు" అన్న నాలుగు ముక్కలకు కుదించుకుపోయింది.

ఇప్పుడు ఒక చిక్కు. వాడకం చూసినవారికి నిరాశ, పర్యవసానం చూసినవారికి ఆశ అన్న సూత్రం చక్కగా కుదిరిందని ఆనందపడేలోపు హైదరాబాద్ అధ్యయనం అడ్డొస్తుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కినన్ 104 బస్తీలను తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో 52 బస్తీల్లో స్పందన సంస్థ ముందుగా శాఖలు తెరిచింది. ఏడాదింపావు నుంచి ఏడాదిన్నర తర్వాత పోల్చి చూశారు. వీరు కొలిచింది పర్యవసానాలనే. అయినా ఇంటి నిర్ణయాల్లో మహిళల పాత్ర పెరిగినట్టు కనిపించలేదు. అప్పటికే వ్యాపారం ఉన్న కుటుంబాలు దాంట్లో పెట్టుబడి పెంచుకున్నాయి.

తన వాదనకు కుదరని అధ్యయనాన్ని విద్యార్థి ఒక మూల పేరాలోకి నెట్టేయడం సర్వసాధారణంగా జరుగుతుంది. అలా చేస్తే వాదన బలహీనపడుతుంది, పరీక్షకుడు మొదట పట్టుకునేదీ దాన్నే. కుదరనిదాన్ని ముందుకు తేవాలి. అది ఎందుకు కుదరలేదని పట్టికను అడిగితే, ఇంతవరకూ మనం పట్టించుకోని చివరి గడి మాట్లాడుతుంది: ఎన్నాళ్లకు కొలిచారు? హైదరాబాద్‌లో మొదటి కొలత ఏడాదిన్నర లోపే. రెండేళ్ల తర్వాత మళ్లీ కొలిచారు, అప్పటికి మిగతా బస్తీల్లోకీ అప్పులు వచ్చేశాయి కాబట్టి పోలిక పలచబడింది. గెట్జ్, సేన్‌గుప్తాలది ఒక రుణం తాలూకు చిత్రం. హషేమీ బృందం మాత్రం సభ్యత్వం ఎన్నేళ్లదో లెక్కలోకి తీసుకుంది, సభ్యత్వం పెరిగేకొద్దీ సాధికారత సూచికలూ పెరిగాయంది. సుప్రియ గరికిపాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో చూపించింది ఈ మధ్యలోని యంత్రాంగాన్ని: మహిళ తెచ్చిన అప్పు కుటుంబ ఆస్తుల్లోకి, ఆదాయాల్లోకి మళ్లుతుంది, ఆ ఉత్పాదక ఆస్తుల్లో ఆమెకు వాటా ఉండదు. 2012లో వచ్చిన ఆమె మరో పేపర్ మహిళలు రోజులో కాలాన్ని ఎలా గడుపుతున్నారో లెక్కించి, అప్పు దక్కడం కన్నా దాన్ని ఎవరు దేనికి వాడారన్నదే ముఖ్యమని చూపింది.

అంటే ఈ వరసలో కాలం గురించి అందరూ ఏదో ఒకటి చెబుతున్నారు, కానీ ఎవరూ దాన్ని సూటిగా ప్రశ్నగా పెట్టుకోలేదు. మన డ్వాక్రా గ్రూపుకు ఇది చాలా ముఖ్యం. ఒక సంఘం ఒక్కసారి అప్పు తీసుకుని ఆగదు. మొదటి లింకేజీ తీర్చాక రెండోది, ఆపైన మూడోది, ప్రతిసారీ మొత్తం పెరుగుతుంది. మొదటి అప్పు భర్త చేతిలో పెట్టిన మనిషి నాలుగో అప్పు కూడా అలాగే పెడుతుందా?

ఇదే తన గ్యాప్ అని అమ్మాయి రాసుకుంది: "రుణం మీద మహిళల అదుపులో కాలక్రమంలో వచ్చే మార్పును ఎవరూ పరిశీలించలేదు." అంత తొందర పనికిరాదు. గ్యాప్ దొరికిందనుకున్న రోజే దాన్ని పడగొట్టే ప్రయత్నం మొదలుపెట్టాలి.

మొదటి దెబ్బ సొంత పట్టికలోనే ఉంది. హషేమీ బృందం సభ్యత్వ కాలాన్ని లెక్కించిందని ఆమే రాసింది కదా, మరి "ఎవరూ పరిశీలించలేదు" అనడం ఎలా కుదురుతుంది? రెండో దెబ్బ వెతికితే దొరుకుతుంది. గూగుల్ స్కాలర్‌లో గరికిపాటి పేపర్ కింద "Cited by" నొక్కితే, తర్వాత దాన్ని ఉటంకించినవన్నీ వస్తాయి. ఒకే మాటతో వెతికితే సగం జారిపోతాయి కాబట్టి రుణంపై అదుపు, రుణ వినియోగం, గృహ నిర్ణయాలు అన్న మాటలకు ఇంగ్లీషులో ఉన్న రకరకాల పేర్లతో విడివిడిగా వెతకాలి. అలా వెతికితే క్లాస్ డైనింగర్, యాన్యన్ లియూ ఆంధ్రప్రదేశ్ పొదుపు సంఘాల మీద చేసిన పని ఎదురవుతుంది. వారు అవే కుటుంబాలను 2004లో ఒకసారి, 2006లో మరోసారి సర్వే చేసిన సమాచారాన్ని వాడారు. కాలం మీద ఎవరూ పనిచేయలేదన్న మాట మళ్లీ దెబ్బతింది.

విద్యార్థులు ఇక్కడే డీలాపడతారు. నిజానికి ఇక్కడే గ్యాప్‌కు ఆకారం వస్తుంది. ఆ రెండు అధ్యయనాలూ ఏం చేశాయి, ఏం చేయలేదు అని దగ్గరగా చూడాలి. డైనింగర్, లియూల దృష్టి కార్యక్రమం వల్ల కుటుంబం తిండి, ఖర్చు, ఆస్తులు, మహిళల స్థితి ఎలా మారాయన్నదాని మీద ఉంది; ఒక్కో అప్పు ఎవరి చేతికి పోయిందన్నది వారి ప్రశ్న కాదు. హషేమీ బృందం కొత్త సభ్యులను, పాత సభ్యులను పోల్చింది, అంటే వేర్వేరు మనుషుల్ని.

ఆ పోలికలో ఒక లొసుగు ఉంది. పదిహేను మందితో ఒక సంఘం మొదలైందనుకోండి. మొదటి రెండు అప్పుల్లో ఐదుగురి భర్తలు సొమ్ము తీసుకుని వాడేశారు, వాయిదాలు కట్టలేక ఆ ఐదుగురూ సంఘం నుంచి బయటికి వచ్చేశారు. ఎనిమిదేళ్ల తర్వాత పరిశోధకుడు వచ్చి మిగిలిన పదిమందినీ అడిగితే అందరూ గట్టిగానే ఉంటారు. పాత సభ్యులు బలంగా ఉన్నారని ఆయన రాస్తాడు. కానీ కాలం వాళ్లను బలపరిచిందా, మొదటినుంచీ బలంగా ఉన్నవాళ్లే మిగిలారా? వేర్వేరు మనుషుల్ని పోల్చే పద్ధతిలో ఈ రెండింటినీ విడదీయడం కష్టం. బయటికి వెళ్లిన ఐదుగురినీ కలుపుకుని, ఒక్కో మహిళనూ ఆమె మొదటి అప్పు నుంచి చివరి అప్పు దాకా వెంబడిస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు అదే పేజీని తిరగరాస్తే ఇలా వస్తుంది.

"రుణం మహిళకు బలాన్నిస్తుందా అన్న ప్రశ్నకు జవాబు, ఆ బలాన్ని ఎక్కడ, ఎప్పుడు వెతికారన్నదాన్ని బట్టి మారుతూ వచ్చింది. సొమ్ము ఎవరి చేతిలో ఉందని అడిగిన అధ్యయనాలకు మహిళ అదుపు తక్కువగానే కనిపించింది (గెట్జ్, సేన్‌గుప్తా 1996, గరికిపాటి 2008). ఆమె కదలికలు, నిర్ణయాలు కొలిచిన అధ్యయనానికి మార్పు కనిపించింది (హషేమీ తదితరులు 1996). కబీర్ (2001) ఈ తేడాకు కుటుంబంలోని అధికారంపై భిన్నమైన అవగాహనలే కారణమని చూపారు. అయితే ఆ వివరణ ఒక్కటే సరిపోదు: హైదరాబాద్‌లో నిర్ణయాధికారాన్నే కొలిచినా మార్పు కనిపించలేదు (బెనర్జీ తదితరులు 2015). ఆ అధ్యయనంలో మొదటి కొలత అప్పులు వచ్చిన కొద్దికాలానికే జరిగింది కాబట్టి కాలం కూడా ఒక కారణం కావచ్చు. సభ్యత్వ కాలాన్ని లెక్కించిన అధ్యయనం వేర్వేరు మహిళలను పోల్చింది. సంఘం విడిచినవారు ఆ లెక్కలో లేకపోతే పాత సభ్యుల బలం ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. వరస రుణాల్లో ఒకే మహిళ అదుపు ఎలా మారిందో, సంఘం విడిచినవారితో సహా పరిశీలించిన అధ్యయనం నా అన్వేషణ పరిధిలో కనిపించలేదు."

రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అధ్యయనాలు అవే ఐదు. మొదటిదానిలో ప్రతి వాక్యం ఒక పేరుతో మొదలైంది, రెండోదానిలో ఎక్కువ వాక్యాలు ఒక మాటతో మొదలై, పేర్లు కుండలీకరణాల్లోకి వెళ్లాయి. కబీర్ పేరు మాత్రం వాక్యం మొదట్లోనే ఉంది, ఎందుకంటే అక్కడ ఆమె వాదనే చర్చలో ఉంది. "సరిపోదు", "కావచ్చు", "అయితే" లాంటి మాటలు తీర్పు చెబుతున్నాయి. వాటిని రాయడానికి ధైర్యం కావాలి, చదివి ఉండాలి. వాక్యాల వరస ఎక్కడ మార్చినా ఇప్పుడు అర్థం చెడుతుంది. "నా అన్వేషణ పరిధిలో" అన్న మాట వినయం కోసం పెట్టింది కాదు. ఏ డేటాబేస్‌లలో, ఏ మాటలతో, ఏ నెల దాకా వెతికిందో అధ్యాయంలోనే రెండు వాక్యాల్లో చెబితే దానికి విలువ వస్తుంది.

మరి ఫలానా జిల్లాలో అధ్యయనం జరగలేదన్న పాత వాక్యం సంగతి? జిల్లా పేరు ఒక్కటే గ్యాప్ కాదు. ఆ లెక్కన రాష్ట్రంలో మండలాలు ఎన్ని ఉంటే అన్ని పీహెచ్‌డీలు వస్తాయి. ఆ చోటుకు సంబంధించిన ఏదో ఒక గుణం ఫలితాన్ని మార్చగలదని చూపిస్తే అప్పుడది గ్యాప్ అవుతుంది. మగవాళ్లు వలసపోయిన ఊళ్లలో అప్పు ఎవరు వాడతారన్నది నిజమైన ప్రశ్న, ఎందుకంటే పట్టికలోని అధ్యయనాల తర్కమంతా ఇంట్లో భర్త ఉన్నాడన్న ఊహ మీద నడుస్తోంది. పాలమూరు అన్న పేరు ఆ ప్రశ్నను పుట్టించదు, పాలమూరు వలస పుట్టిస్తుంది.

జాన్ స్వేల్స్ అనే భాషాశాస్త్రవేత్త 1990లో పరిశోధనా వ్యాసాల ఉపోద్ఘాతాలను విశ్లేషించి, ఖాళీ చూపించడం ఒక్కటే దారి కాదన్నాడు. ముందువారి మాటను ఖండించవచ్చు, ప్రశ్న లేవనెత్తవచ్చు, ఒక ధారను కొనసాగించవచ్చు. మ్యాట్స్ ఆల్వెసన్, యోర్గన్ సాండ్‌బర్గ్ 2011లో ఇంకాస్త ఘాటుగా, ఖాళీలు వెతకడం మీదే పడితే ఆ రంగంలో అందరూ నమ్మే ఊహల్ని ఎవరూ ప్రశ్నించరని వాదించారు. వారి మాటలో బలం ఉంది. వలస ఊళ్ల ప్రశ్న ఆ కోవలోదే. ఎవరూ చేయనిది అన్నంతమాత్రాన ప్రతి పనీ చేయదగ్గది కాదు. పొదుపు సంఘం సభ్యుల ఇంటి రంగుకూ వాయిదాల చెల్లింపుకూ సంబంధం మీద కూడా ఎవరూ పనిచేసి ఉండరు. అందుకే ఖాళీ చూపిన వెంటనే, అది నిండితే ఏం మారుతుందో ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి. ఇక్కడైతే జవాబు సులభం: పాత సభ్యుల బలం మిగిలినవారి బలమే అయితే, సంఘాల్లో ఏళ్లు గడిచేకొద్దీ మహిళలు బలపడతారన్న నమ్మకంతో నడిచే పథకాలు బయటికి జారిపోయినవారిని చూడకుండా వదిలేస్తున్నాయి.

గ్యాప్ ఇంత నిర్దిష్టంగా తేలితే మూడో అధ్యాయం, అంటే పరిశోధనా పద్ధతి, దాదాపు తనంతట తానే వస్తుంది. సంఘం తీర్మానాల పుస్తకంలో, రుణాల లెడ్జర్‌లో ఏ లింకేజీలో ఎవరికి ఎంత ఇచ్చారో, ఎవరు ఎప్పుడు మానేశారో ఉంటుంది. బ్యాంకు లెక్కలతో సరిచూసుకోవచ్చు. పుస్తకంలో లేనిది ఆ సొమ్ము చివరికి ఎవరి చేతిలో పడిందన్నది. దానికి మనిషిని అడగాలి. ఎనిమిదేళ్ల కిందటి అప్పు గురించి అడిగితే జ్ఞాపకం తప్పే అవకాశం ఉంది కాబట్టి, ఆ అప్పుతో కొన్న గేదె, కట్టిన ఫీజు, వేసిన బోరు లాంటి గుర్తుల చుట్టూ ప్రశ్నలు అల్లాలి. ఈ పరిమితిని ముందే రాసుకోవాలి.

ఇక ఈ వాదనలో చోటు దొరకని అధ్యయనాలు మిగులుతాయి. సూక్ష్మరుణాల చరిత్ర, 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ఆర్డినెన్సు, వాటి మీద చదివిన పాతిక పేపర్లు. కష్టపడి చదివినవి కదా అని వాటిని అక్కడే ఉంచాలనిపిస్తుంది. నేపథ్యానికి అవసరమైనవి మొదటి అధ్యాయంలోకి వెళ్తాయి. కొన్ని, ఫలితాలు వచ్చాక పోల్చుకోవడానికి చర్చ అధ్యాయంలో పనికొస్తాయి. మిగతావి ఫైలులోనే ఉంటాయి. అమ్మాయి నలభై పేజీల అధ్యాయం ఇరవై రెండుకు దిగింది అనుకుందాం. గైడ్ మళ్లీ పెన్సిల్ తీసుకుని మార్జిన్లు చూస్తారు. ఈసారి ప్రతి పేరా పక్కన ఒక క్రియ ఉంది: విభేదిస్తోంది, వివరిస్తోంది, అనుమానిస్తోంది, కుదిస్తోంది. పద్నాలుగో పేజీలో ఒక్క పేరా పక్కన మాత్రం ఇంకా "ఇంకో అధ్యయనం" అని ఉంది. దాన్ని కొట్టేసి, పద్ధతి అధ్యాయం ఎప్పుడిస్తావని అడుగుతారు.